నుమాయిష్‌కు పసివాళ్ళను తీసుకువెళ్ళే ముందు

పోయిన ఆదివారం సాయంత్రం కోఠి సుల్తాన్ బజార్‌లో రెండున్నరేళ్ళ పిల్లవాడు బెలూన్ కోసం నేల మీద పడి ఏడుస్తున్నాడు. తల్లి కాసేపు బతిమాలింది. తరువాత "సరే, నువ్వు ఇక్కడే ఉండు, నేను వెళ్ళిపోతున్నాను" అని పది అడుగులు వేసి గాజుల బండి చాటున నిలబడింది. వాడు లేచి తన వెనకే వస్తాడనుకుంది. వాడు లేచాడు, కానీ పరుగెత్తింది రోడ్డు వైపు. ఆటో డ్రైవరు సమయానికి బ్రేకు వేయబట్టి బతికాడు.

చాలా ఏళ్ళుగా పసిపిల్లల బడిలో పని చేస్తున్నాను. మారాం చేసే పిల్లలను దారికి తెచ్చేందుకు పెద్దలు వేసే ఎత్తులన్నింటిలో నాకు అత్యంత భయం కలిగించేది ఇదే: వదిలి వెళ్ళినట్టు నటించడం. జనవరిలో మొదలై నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో నెలన్నర పాటు జరిగే నుమాయిష్‌లో ఏ సాయంత్రమైనా ఈ మాట వినబడుతుంది. అంత పొట్టిగా ఉన్న పిల్లకు గుంపులో కనిపించేవి కాళ్ళే. అమ్మ చీర రంగు మాయమైన క్షణంలో అది ఆలోచించదు, దారి దొరికిన వైపు పరుగెడుతుంది. ఒకవేళ మీ వెనకే వచ్చినా, మొండితనం తగ్గి కాదు, భయం పెరిగి వచ్చింది. మరునాటి నుంచి స్నానాల గదికి కూడా మిమ్మల్ని వెళ్ళనివ్వదు.

పేచీలు సాధారణంగా ఊరికే రావు. మధ్యాహ్నం నిద్ర తప్పడం, ఆకలి, మైకుల హోరు, అన్నిటికన్నా ముఖ్యంగా ఇష్టమైన చోటు నుంచి హఠాత్తుగా లాక్కుపోవడం వాటికి కారణాలు. అందుకే పడుకోబెట్టి లేపి, పెరుగన్నం పెట్టి బయలుదేరండి. గంటన్నరలో తిరిగి వచ్చేయండి. రంగులరాట్నం దగ్గర "ఇంకొక్కసారి, తరువాత వెళ్దాం" అని ముందే చెప్పి, ఆ మాట మీద నిలబడండి.

ఆ తల్లి ఏం చేసి ఉండవలసింది? ముందు దారికి అడ్డం లేకుండా పిల్లవాడిని పక్కకు తీసుకువెళ్ళాలి. వాడి వీపు మన ఛాతీకి ఆనేలా తిప్పి, ఒక చేయి చంకల కింద, మరొకటి తొడల కింద వేసి ఎత్తుకుంటే తన్నులు మనకు తగలవు. గోడ పక్కన దింపి, ఎదురుగా గొంతు కూర్చోవాలి. "బెలూన్ కావాలని ఉంది కదూ. ఈ రోజు కొనడం లేదు. నేను ఇక్కడే ఉన్నాను." అంతే, ఇక మాట్లాడకూడదు. ఏడుపు ఉధృతంగా ఉన్నప్పుడు ఏ వివరణా ఎక్కదు, గొంతులు రెండవుతాయి, అంతే. చాలా పేచీలు ఐదు నిమిషాల లోపే కరుగుతాయి. అరుపు వెక్కిళ్ళుగా మారి, చేతులు మన కోసం వెతకడం మొదలైతే తగ్గుతున్నట్టు లెక్క. అప్పుడు ఎత్తుకోండి, నీళ్ళు తాగించండి. బెలూన్ మాత్రం కొనవద్దు. కొనదలచుకుంటే ఏడుపుకు ముందే కొనవలసింది.

చుట్టూ జనం చూస్తారు, సలహాలిస్తారు. "కాసేపట్లో ఆగుతాడండీ" అని చెప్పి మీ పిల్లవాడి వైపు తిరగండి. ఆ చూపులకు సిగ్గుపడే చాలామంది ఆ పది అడుగులు వేస్తారు.

ఇక మిగిలినవి.

చేయి పట్టి గుంజవద్దు. ఐదేళ్ళ లోపు పిల్లలకు అలా లాగితే మోచేతి ఎముక స్థానం నుంచి జారవచ్చు. ఆ చేతిని కదపకుండా వేలాడేసుకుంటే ఆసుపత్రికి వెళ్ళండి.

"పోలీసుకు పట్టిస్తాను" అనవద్దు. తప్పిపోయిన రోజున ఆ పోలీసు దగ్గరికే వెళ్ళాలి.

ఏడుస్తున్న నోట్లో పల్లీలు, పాప్‌కార్న్, చాక్లెట్ పెట్టవద్దు. గొంతుకు అడ్డం పడతాయి.

ఏడుస్తూ ఊపిరి బిగబట్టి నీలంగా మారితే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో నీళ్ళు పోయవద్దు, కుదపవద్దు. సాధారణంగా నిమిషంలోపే తేరుకుంటారు. తేరుకోకపోతే 108కి ఫోను చేయండి. తేరుకున్నా, మొదటిసారి అయితే డాక్టరుకు చూపించండి.

కొట్టవద్దు. వీడియో తీయవద్దు.

మీ ఫోను నంబరు రాసిన చీటీ పిల్లల జేబులో పెట్టండి.

పిల్ల కనబడకపోతే వెతుకుతూ గంట గడపవద్దు. వెంటనే ప్రకటన చేయించండి, 112కు ఫోను చేయండి.

గేటు దగ్గర, పార్కింగ్‌లో, మెట్రో ప్లాట్‌ఫాం మీద, బొమ్మల దుకాణం ముందు, ఎక్కడైనా సరే, ఎంత విసుగెత్తినా సరే, "వెళ్ళిపోతున్నాను" అనవద్దు. చాటున నిలబడవద్దు. ఒక్క అడుగు కూడా వేయవద్దు.