టిష్యూ మీద ఎర్రటి రక్తం: నాకు ఎలా తగ్గిందంటే

మూడు రోజులకోసారి, మలం రాయిలా గట్టిగా వచ్చేది. ముక్కి ముక్కి లేచాక టిష్యూ మీద ఎర్రటి రక్తపు గీత. పైల్స్ అనుకుని 2 వారాలు ఏదో క్రీమ్ రాశాను, తగ్గలేదు.

డాక్టర్‌గారి మొదటి ప్రశ్న, "నొప్పి ఉందా?" ఉంది. గాజుపెంకుతో కోసినట్టు, తర్వాత గంటసేపు మంట. పైల్స్ అంటే ఉబ్బిన రక్తనాళాలు, వాటిలో రక్తం వచ్చినా సాధారణంగా నొప్పి ఉండదట. నాది ఫిషర్. మలద్వారం అంచున చర్మం చీలింది. నొప్పికి అక్కడి కండరం బిగుసుకుంటుంది, రక్తప్రసరణ తగ్గి చీలిక మానదు. భయపడి ఆపుకుంటే మలం ఇంకా గట్టిపడుతుంది. నేను చేసింది సరిగ్గా అదే.

రోజూ ఇసబ్‌గోల్, దాంతోపాటు బాగా నీళ్లు, గోరువెచ్చని నీళ్ల టబ్‌లో 10 నిమిషాలు కూర్చోవడం, కండరాన్ని వదులు చేసే డిల్టియాజెమ్ ఆయింట్‌మెంట్. వారంలో నొప్పి తగ్గిందని ఇసబ్‌గోల్ ఆపేశాను, మళ్లీ చీలింది. పూర్తిగా మానడానికి 7 వారాలు పట్టింది.

నాకు 32 ఏళ్లు, చీలిక కంటికి కనిపిస్తోంది కాబట్టి కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే కొలనోస్కోపీ ఇప్పుడే అక్కర్లేదన్నారు. వయసు 45 దాటినా, రక్తం ముదురు రంగులో మలంతో కలిసి వస్తున్నా, బరువు తగ్గినా, రక్తహీనత ఉన్నా, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ వచ్చినా, మందులు వాడాక కూడా రక్తం ఆగకపోయినా కొలనోస్కోపీ చేయించాలని చెప్పారు.