రివిజన్ టైమ్‌టేబుల్ – 3వ పాఠం: ఏ అంశానికి ఎన్నిసార్లు, ఎప్పుడెప్పుడు?

గత పాఠంలో సిలబస్‌ను అంశాలుగా విడగొట్టి, ఒక్కోదాని పక్కన మార్కులు రాసుకున్నాం. ఈసారి కష్టాన్ని లెక్కలోకి తీసుకుని, రోజులు వేద్దాం.

ముందు కష్టం సంగతి. చాలామంది దీన్ని మనసుకు తోచినట్టు వేస్తారు, అక్కడే లెక్క తప్పుతుంది. నోట్స్ తిరగేస్తే అన్నీ తెలిసినట్టే ఉంటాయి. చూసింది గుర్తుపట్టడం వేరు, చూడకుండా రాయడం వేరు. అందుకే ప్రతి అంశం నుంచి పాత ప్రశ్నలు నాలుగు తీసుకుని, పుస్తకం మూసి చేయండి. మూడు గానీ నాలుగు గానీ సరిగ్గా వస్తే కష్టం 1. రెండొస్తే 2. అంతకన్నా తక్కువైతే 3.

ఇప్పుడు ఒక ఉదాహరణ. 100 మార్కుల గణాంకశాస్త్రం పేపరు, అన్నీ ఒకసారి చదివేశారు, పరీక్షకు 42 రోజులుంది. సగటులు 15 మార్కులు, కష్టం 1. సంభావ్యత 25, కష్టం 3. సహసంబంధం 20, కష్టం 2. పరికల్పన పరీక్షలు 30, కష్టం 3. సూచీ సంఖ్యలు 10, కష్టం 2. మార్కుల్ని కష్టంతో గుణిస్తే వరుసగా 15, 75, 40, 90, 20 వస్తాయి, మొత్తం 240.

ముప్పావుగంట రివిజన్లు 24 చేయగలరనుకుందాం. వాటిని 240తో నేరుగా పంచితే సగటులకు ఒకటిన్నర వస్తుంది, పరికల్పన పరీక్షలకు తొమ్మిది. ఈ పంపకం నాకు నచ్చదు. సగటులు తేలికే, కానీ 15 మార్కులు. ఆరు వారాల్లో ఒకటి రెండుసార్లు మాత్రమే చూస్తే చేతికందిన మార్కులే జారిపోతాయి. అందుకని ముందు ప్రతి అంశానికీ రెండేసి ఇచ్చేయండి. అలా 10 పోగా మిగిలిన 14ను మాత్రమే ఆ స్కోరు ప్రకారం పంచండి. భిన్నాలు వస్తాయి కాబట్టి పూర్ణాంకాలు ఇచ్చేశాక, పెద్ద భిన్నం మిగిలినవాటికి ఒక్కోటి కలపండి. చివరికి సగటులకు 3, సంభావ్యతకు 7, సహసంబంధానికి 4, పరికల్పన పరీక్షలకు 7, సూచీ సంఖ్యలకు 3. మొత్తం 24.

ఇక రోజులు. పరీక్ష ఎంత దూరంగా ఉంటే రెండు రివిజన్ల మధ్య ఎడం అంత ఎక్కువ ఉంటే లాభమని నికోలస్ సెపెడా బృందం 2008లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది. అయితే సగం కూడా రాని అంశానికి మొదట్లోనే పెద్ద ఎడం ఇస్తే, తిరిగి వచ్చేసరికి ఏమీ మిగలదు. కాబట్టి కష్టమైనవాటిని దగ్గర దగ్గరగా మొదలుపెట్టి ఎడం పెంచుకుంటూ పోదాం. సంభావ్యతను 1, 4, 9, 16, 23, 31, 38 రోజుల్లో వేద్దాం. పరికల్పన పరీక్షలకూ అవే ఎడాలు ఇస్తే రెండూ ఒకే రోజున పడతాయి. అందుకని దాన్ని ఒక్కరోజు జరిపి 2న మొదలుపెడదాం: 2, 5, 10, 17, 24, 32, 39. మిగిలిన అంశాలను ఖాళీల్లో సర్దాలి. సహసంబంధం 6, 15, 27, 37. సగటులు 8, 20, 35. సూచీ సంఖ్యలు 11, 25, 36. ఏ రోజునా రెండు అంశాలు పడలేదు. 18 రోజులు ఖాళీగా మిగిలాయి, అందులో చివరి మూడూ ఉన్నాయి.

ఆ ఖాళీలను దయచేసి నింపకండి. ఒక రోజు తప్పిపోతే టేబుల్ మొత్తాన్ని వెనక్కి నెట్టేస్తాం, రెండుసార్లు అలా జరిగేసరికి టెన్షన్‌తో దాన్ని పక్కన పడేస్తాం. తప్పిన రివిజన్‌ను తర్వాతి ఖాళీ రోజున చేసేయండి, మిగతా తేదీలు కదపకండి. ఒకట్రెండు రోజులు ఆలస్యమైతే పది రోజుల ఎడానికి పెద్ద నష్టం లేదు. మూడు రోజుల ఎడానికి ఉంటుంది, కాబట్టి కష్టమైన అంశాల మొదటి రెండు రివిజన్లను మాత్రం జరపొద్దు.

ప్రతి రివిజన్‌నూ ఖాళీ కాగితంతో మొదలుపెట్టండి. పది నిమిషాలు గుర్తున్నది రాశాకే నోట్స్ తెరవాలి. సగం కూడా రాయలేకపోతే ఆ అంశానికి వేసిన తర్వాతి ఎడాన్ని సగానికి తగ్గించండి. ఉదాహరణకు సహసంబంధం 15వ రోజున తేలిపోతే, 27 దాకా ఆగకుండా 21న, ఖాళీ రోజే కాబట్టి, ఒకసారి అదనంగా చూడాలి. వరుసగా రెండుసార్లు ఇలా జరిగితే దాని కష్టం 2 కాదు, 3. స్కోరు మార్చి, మిగిలిన రివిజన్లను మళ్లీ పంచండి.

ఈ వారం మీ సిలబస్‌లో ఐదు అంశాలకు మాత్రమే ఈ లెక్క వేసి చూడండి. పూర్తి సిలబస్‌లో అంశాలు ఇరవై దాటితే రెండేసి ఇవ్వడానికే రివిజన్లు చాలవు. అప్పుడు వేటిని కలపాలో, దేన్ని వదిలేయాలో 4వ పాఠంలో చూద్దాం.