లోన్ ఫోర్‌క్లోజ్ చేశాక ఇంకో ఈఎంఐ కట్ కాకుండా జాగ్రత్తలు

లోన్ క్లోజ్ అయిందని రాతపూర్వకంగా వచ్చేదాకా ఈఎంఐ దానంతటదే కట్ అయ్యేలా బ్యాంకుకు ఇచ్చిన మ్యాండేట్ ఆపకండి. ఫోర్‌క్లోజర్ లెటర్‌లో చెప్పిన తేదీ దాటి కడితే ఒకటి రెండు రోజుల వడ్డీ మిగిలిపోయి లోన్ ఓపెన్‌గానే ఉండొచ్చు, అప్పుడు ఈఎంఐ బౌన్స్ అయితే ఛార్జీలు పడతాయి, క్రెడిట్ రిపోర్టుకూ మచ్చ.

ఈఎంఐ తేదీకి కనీసం వారం ముందే కట్టేయండి. ఉదాహరణకు ఈఎంఐ 5న, మీరు 3న క్లోజ్ చేశారనుకోండి, లోన్ ఇచ్చినవాళ్లు ఈఎంఐ కట్ చేయమని మీ బ్యాంకుకు డెబిట్ ఫైల్ అప్పటికే పంపేసి ఉండొచ్చు. 5న ఈఎంఐ ₹12,400 పోతుంది. అలాంటప్పుడు అకౌంట్ ఖాళీ చేయకండి, బౌన్స్ ఛార్జీ అదనంగా పడుతుంది. డబ్బు పోనిచ్చి, ఫోర్‌క్లోజర్ రసీదు, ఆ డెబిట్ కనిపించే స్టేట్‌మెంట్ జతచేసి రీఫండ్ అడగండి.

క్యాన్సిల్ చేసేముందు యూఎంఆర్ఎన్ సరిచూసుకోండి. ఇది బ్యాంకుల మధ్య ఆటో డెబిట్ నడిపే నాచ్ వ్యవస్థలో ప్రతి మ్యాండేట్‌కూ విడిగా ఉండే నంబర్. ఒకే కంపెనీలో రెండు లోన్లుంటే పేరు చూసి ఆపేస్తే నడుస్తున్న లోన్‌ది ఆగిపోతుంది, ఇది చాలామందికి తట్టదు.

లోన్ ఇచ్చినవాళ్లకు మెయిల్ పెట్టి ఊరుకోవద్దు. మీ బ్యాంకు నెట్ బ్యాంకింగ్‌లో మ్యాండేట్ల జాబితా తెరిచి, అక్కడ కనిపించకపోతే బ్రాంచిలో రాసిచ్చి, క్యాన్సిల్ అయినట్టు చూసుకోండి. లోన్, అకౌంట్ ఒకే బ్యాంకులో ఉంటే అది నాచ్ కాకుండా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ అయి ఉండొచ్చు, దాన్ని విడిగా ఆపించాలి.

తర్వాతి ఈఎంఐ తేదీన స్టేట్‌మెంట్ ఒకసారి చూడండి.