వేరియన్స్ ఇంటర్వల్ 95% అని చెప్పి 67 శాతమే పట్టుకుంటుంటే: నా అనుభవం

డేటా ఒకవైపు బాగా సాగి ఉంది, ఎక్స్‌పొనెన్షియల్ లాగా. కై-స్క్వేర్ ఇంటర్వల్ మామూలుగానే వచ్చింది. కానీ అసలు వేరియన్స్ తెలిసిన ఎక్స్‌పొనెన్షియల్ డేటాతో సిమ్యులేషన్ చేసి చూస్తే, ఆ ఇంటర్వల్ దాన్ని చాలాసార్లు పట్టుకోవడం లేదు. శాంపిల్ పెంచడం, అవుట్‌లయర్లు తీసేయడం, రెండూ పనిచేయలేదు.

శాంపిల్ పెంచితే సగటుకు మేలు జరుగుతుంది గానీ, దీనికి జరగదు. శాంపిల్ వేరియన్స్ s² ఎంత ఊగుతుందనేది తోకల బరువును కొలిచే అదనపు కర్టోసిస్ κ మీద ఆధారపడుతుంది. నార్మల్‌కు అది 0, ఎక్స్‌పొనెన్షియల్‌కు 6. అప్పుడు s² ఊగిసలాట సూత్రం అనుకున్నదానికి రెట్టింపు. అందుకే n ఎంత పెరిగినా కవరేజ్ 67% దగ్గరే ఆగిపోతుంది!

పనిచేసింది ఇది. ముందు డేటా నుంచి κ లెక్కగట్టాను. తర్వాత n−1 బదులు ఈ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ వాడాను:

```
r = 2n / (κ + 2n/(n-1))
```

నా డేటాలో n=50, s²=4, κ=4. r దాదాపు 16.6 వచ్చింది. అంటే 50 విలువలున్నా, వేరియన్స్ విషయంలో చేతిలో ఉన్న సమాచారం 17, 18 నార్మల్ విలువలంతే. r·s²ని r డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ ఉన్న కై-స్క్వేర్ 97.5%, 2.5% విలువలతో భాగిస్తే, 2.79–6.21గా ఉన్న ఇంటర్వల్ 2.24–9.1 అయింది.

అందరికీ ఇంతే బాగా కుదురుతుందని చెప్పలేను. తోకలు బరువైన చిన్న శాంపిల్‌లో κ అసలుకన్నా తక్కువగా వస్తుంది, కాబట్టి కవరేజ్ మెరుగైనా 95కి చేరకపోవచ్చు. నాలుగో మొమెంట్ లేని డేటాకైతే ఈ పద్ధతి వర్తించనే వర్తించదు.