చూపు లేనివాళ్లు బూత్‌లో ఒంటరిగా, రహస్యంగా ఓటు వేయడం: ఎక్కడ ఆగిపోతుంది, ఏం చేయాలి

2024 మే 13న మా మామను తిరుపతిలో ఓటుకు తీసుకెళ్లినప్పుడు జరిగింది చెప్తాను, ఎందుకంటే ఆ ఒక్క రోజులోనే ఇందులోని చిక్కులన్నీ వరుసగా ఎదురయ్యాయి. మామకు పుట్టుకతోనే చూపు లేదు, బ్రెయిలీ మాత్రం గడగడా చదువుతాడు. నేను టీచర్‌ని, ఎలక్షన్ డ్యూటీలు కొన్ని చేశాను కాబట్టి లోపలి పద్ధతి తెలుసు.

సమస్య: "తోడు వచ్చారు కదా, మీరే వేసేయండి" అంటారు

లోపలికి అడుగుపెట్టగానే మాతో అన్న మాట ఇదే. మామను కాదు, నన్ను చూసి అన్నారు. మామకు కోపం వచ్చి "ఏం సార్, నాకు చదవను వస్తాది, నా ఓటు నేనే ఏసుకుంటా" అన్నాడు.

ఇలా అనడానికి కారణం సిబ్బందికి 49ఎన్ రూలు సగమే గుర్తుండటం. చూపు లేనివాళ్లు తోడు తెచ్చుకోవచ్చు అన్నంతవరకే గుర్తుంటుంది. అసలు రూలు ఏమంటుందంటే, గుర్తులు పోల్చుకోలేక గానీ, సాయం లేకుండా బటన్ నొక్కలేక గానీ ఉన్న ఓటరుకు మాత్రమే తోడు మనిషిని లోపలికి పంపాలి. అంటే తోడు అనేది ఓటరుకు ఉన్న వీలు, సిబ్బంది పెట్టగలిగే షరతు కాదు.

అందుకే గొడవ పడకుండా ప్రిసైడింగ్ ఆఫీసర్ దగ్గరికే వెళ్లి ఒక్క మాట అడగండి: "బ్రెయిలీ డమ్మీ బ్యాలెట్ షీట్ ఇవ్వండి, నేనే వేసుకుంటాను." ఆ షీట్‌లో అభ్యర్థుల పేర్లు, పార్టీలు, వరుస నంబర్లు బ్రెయిలీలో ఉంటాయి. మా బూత్‌లో అది సామగ్రి కవర్లో అలాగే ఉండిపోయింది, అడిగాకే బయటికి తీశారు. ఆ రోజు మనకు అసెంబ్లీకీ లోక్‌సభకీ ఒకేసారి పోలింగ్ కాబట్టి షీట్లు రెండు, మిషన్లు రెండు. మామ కుర్చీలో కూర్చుని, షీట్ ఒళ్లో పెట్టుకుని, రెండు చూపుడువేళ్లూ కలిపి ఎడమ నుంచి కుడికి నడిపాడు, ఒక పేరు దగ్గర వేళ్లు కాస్త ఆగి వెనక్కి వచ్చి మళ్లీ చదివాయి. షీట్ మీద గుర్తు పెట్టేదేమీ ఉండదు, నంబరు మనసులో పెట్టుకుని తిరిగి ఇచ్చేయాలి, అంతే.

ఓటు వేసే బ్యాలెట్ యూనిట్ మీద ప్రతి నీలం బటన్ పక్కన, కుడివైపున, 1 నుంచి 16 వరకు బ్రెయిలీ అంకెలు ఉంటాయి. దీన్ని మొదట ప్రయోగించి చూసింది కూడా మన ఉమ్మడి రాష్ట్రంలోనే, 2004లో హైదరాబాద్ ఆసిఫ్‌నగర్ నియోజకవర్గంలో.

సమస్య: షీట్ లేదు, లేదా మీకు బ్రెయిలీ రాదు

షుగర్ వల్లో, వయసు మీద పడ్డాకో చూపు పోయినవాళ్లకు బ్రెయిలీ రాకపోవడం మామూలే. అలాంటివాళ్లు కూడా ఒంటరిగా వేయొచ్చు. కావాల్సింది నంబరు ఒక్కటే.

నామినేషన్ల ఉపసంహరణ గడువు అయిపోగానే అభ్యర్థుల వరుస ఖరారైపోతుంది. గుర్తింపు పొందిన పార్టీలవాళ్లు ముందు, రిజిస్టర్ అయిన మిగతా పార్టీలవాళ్లు తరువాత, ఇండిపెండెంట్లు చివర. 2024లో మనకు ఏప్రిల్ 29న గడువు ముగిసింది, అంటే పోలింగ్‌కు రెండు వారాల ముందే నంబరు తెలిసిపోయినట్టే. ఇంట్లో జాబితా మొత్తం చదివించుకోండి, ఒక్క పేరే అడిగితే మీరు ఎవరికి వేస్తారో చదివినవాళ్లకు తెలిసిపోతుంది. బూత్ బయట కూడా అభ్యర్థుల జాబితా అతికించి ఉంటుంది, అక్కడ మళ్లీ ఒకసారి చదివించుకుని సరిచూసుకోవచ్చు.

లోపల పైనుంచి కిందికి బటన్లు వేలితో లెక్కపెట్టుకుంటూ వెళ్లాలి. తప్పు జరిగే చోటు ఒకటుంది: నోటాతో కలిపి 16 దాటితే రెండో యూనిట్ పెడతారు, 17వ పేరు ఆ రెండో యూనిట్‌లో మొదటి బటన్ అవుతుంది. అందుకని లోపలికి వెళ్లేముందే "ఈ ఎన్నికకు ఎన్ని యూనిట్లు ఉన్నాయి, మొదటిది ఏ పక్కన ఉంది" అని అడిగి వెళ్లండి.

సమస్య: బటన్ నొక్కినా బీప్ రాలేదు

మామ అసెంబ్లీ మిషన్ దగ్గర నొక్కి, ఏ చప్పుడూ వినపడక "ఏం సార్, పడిందా లేదా" అని కేకేశాడు. అక్కడ అందరికీ టెన్షన్.

మామూలుగా కారణాలు రెండు ఉంటాయి. ఒకటి, బయట కంట్రోల్ యూనిట్ దగ్గర కూర్చున్న ఆఫీసర్ బ్యాలెట్ బటన్ ఇంకా నొక్కలేదు. నొక్కితే మిషన్ మీద పచ్చ లైటు వెలుగుతుంది, కానీ మామకు ఆ లైటు ఎలా తెలుస్తుంది? రెండోది, ఓటు పడే ఉంటుంది, కానీ వీవీప్యాట్‌లో చీటీ ఏడు సెకన్లు అద్దం వెనక కనిపించి, తెగి పెట్టెలో పడ్డాకే బీప్ వస్తుంది. చూపు లేకుండా నిలబడి ఉన్నవాళ్లకు ఆ ఏడు సెకన్లు చాలా పెద్ద గ్యాప్.

మామది రెండో కారణమే, ఆయన కేక ముగిసేలోపే బీప్ వచ్చింది. మిషన్ దగ్గరికి వెళ్లేముందే ఆఫీసర్‌తో "బటన్ నొక్కగానే నోటితో చెప్పండి సార్" అని మాట్లాడుకోండి. చెప్పాక గట్టిగా ఒకసారి నొక్కి, మనసులో పది దాకా లెక్కపెట్టండి. ఆత్రంలో మళ్లీ నొక్కినా రెండో ఓటు పడదు కాబట్టి భయం లేదు. పది దాటినా బీప్ రాకపోతే అక్కడి నుంచి కదలకుండా పిలవండి, మీ అభ్యర్థి పేరు గానీ నంబరు గానీ పైకి చెప్పకండి.

సమస్య: తోడు కావాలి, కానీ ఎవరిని?

ఇది మీ ఇష్టం. పద్దెనిమిదేళ్లు నిండి ఉండాలి, ఓటు రహస్యంగా ఉంచుతానని రాసివ్వాలి. ఒక మనిషి ఆ రోజు ఒక్క ఓటరుకే తోడు వెళ్లాలి, అందుకే అమ్మకూ నాన్నకూ ఇద్దరికీ ఒకే కొడుకు అంటే ఒప్పుకోరు, ఇది ముందే చూసుకోండి. సిబ్బంది తోడుగా వెళ్లకూడదు. ఏజెంటు ఎవరినో చూపించి "ఈయన వస్తాడులే" అంటే వద్దనే హక్కు మీది. వీల్‌చైర్‌లో వచ్చి సొంతంగా నొక్కగలిగేవాళ్లకైతే సాయం కంపార్ట్‌మెంట్ దాకానే, లోపలికి ఎవరూ రావక్కర్లేదు.

సమస్య: ఇంటి దగ్గర ఓటు తీసుకున్నాం, రహస్యం పోయింది

40 శాతం లేదా అంతకంటే ఎక్కువ వైకల్యం ఉన్నవాళ్లు నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోపు ఫారం 12డి ఇస్తే ఇంటికే వచ్చి పోస్టల్ బ్యాలెట్ ఇస్తారు. మంచం మీద ఉన్నవాళ్లకు ఇది నిజంగా పెద్ద సాయం. కానీ ఇచ్చేది కాగితం, దాని మీద తడిమి చదివే అంకెలు లేవు, అందుకని చూపు లేనివాళ్లకు ఇంకొకరు మార్కు పెట్టాల్సిందే. ఒకసారి ఇంటి ఓటు ఒప్పుకున్నాక బూత్‌కు వెళ్లి వేయడం కుదరదు. నడవగలిగి, నంబరు గుర్తుపెట్టుకోగలిగితే నా మాట విని 12డి ఇవ్వకండి, బూత్‌కే వెళ్లండి. బండి, వీల్‌చైర్ కావాలంటే ముందుగానే ఎన్నికల సంఘం యాప్‌లోనో 1950కి ఫోన్ చేసో అడగొచ్చు.

పరిష్కారం లేని సమస్య

వీవీప్యాట్ చీటీని మామ చదవలేడు. మనం నొక్కిన పేరే పడిందా అని అందరూ అద్దంలో చూసుకునే ఆ ఏడు సెకన్లు ఆయనకు లేవు, అది గట్టిగా చదివి వినిపించే ఏర్పాటు మిషన్‌లో లేదు. చూడాలంటే తోడు మనిషి లోపలికి రావాలి, వస్తే రహస్యం పోతుంది. ఆ రోజు బయటికి వచ్చాక అడిగాను, "ఈసారి నేను లోపలికొచ్చి చూడనా మామా" అని. వద్దన్నాడు. నంబరు రెండుసార్లు తడిమి చూసుకున్నాను, చాలు, అన్నాడు. ఎవరికి వేశాడో నాకు ఇప్పటికీ తెలియదు.