అమెరికాలో కొన్ని వారాలు ఓవర్‌స్టే అయితే మళ్లీ వీసాకి అప్లై చేయడం ఎలా?

పిల్లల దగ్గరికి విజిటర్ వీసా మీద వెళ్లొచ్చిన పెద్దవాళ్లకు ఫారాలు నింపిపెడుతుంటాను. దాదాపు అందరూ ఒకటే మాట, "వీసా ఇంకా బోలెడన్నాళ్లు ఉంది కదా" అని. వీసా మీద తేదీ దేశంలోకి వెళ్లడానికి మాత్రమే. ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పేది I-94 అనే ఎంట్రీ రికార్డు.

ముందు i94.cbp.dhs.gov లో పాస్‌పోర్టు వివరాలు కొట్టి ఆ తేదీ చూడండి. పాస్‌పోర్టు గడువు దగ్గరపడి ఉంటే ఆరు నెలలు ఇవ్వకుండా ఆ గడువు వరకే ఇచ్చే అవకాశం ఉంది, చాలామంది చూసుకోనిది ఇదే.

తర్వాత రోజులు లెక్కేయండి. ఒకావిడ వీసా 2031 దాకా ఉంది, I-94 తేదీ 2024 జూలై 9, వెనక్కి బయల్దేరింది జూలై 30న అనుకుందాం. 21 రోజులు. 180 రోజులు దాటితే మూడేళ్లు, ఏడాది నిండితే పదేళ్లు అడుగుపెట్టనివ్వరు, ఆ గొడవ ఈవిడకు లేదు. కానీ ఒక్క రోజు ఎక్కువున్నా ఆ వీసా దానంతటదే రద్దవుతుంది. రద్దయిందని ఎవరూ ముద్ర వేయరు, ఉత్తరం రాదు, అందుకే జనం అదే వీసాతో మళ్లీ ఫ్లైట్ ఎక్కేసి అక్కడి ఎయిర్‌పోర్టు నుంచే వెనక్కి రావాల్సి వస్తుంది. గడువు లోపలే పొడిగింపుకి I-539 పెట్టి, అది పెండింగ్‌లో ఉండగానే వచ్చేసినవాళ్ల సంగతి వేరు, వాళ్లు రసీదు దాచుకోవాలి.

ఇక అసలు చిక్కు DS-160 అనే వీసా అప్లికేషన్ ఫారంలో ఉంది. ఇచ్చిన గడువు దాటి ఎప్పుడైనా ఉన్నారా అని సూటిగా అడిగే ప్రశ్న ఒకటుంది. అక్కడ "Yes" పెట్టాలి. "మూడు వారాలే కదా, వెళ్లేటప్పుడు స్టాంపు కూడా వేయలేదు, ఎవరికి తెలుస్తుంది" అని "No" పెట్టించే ఏజెంట్లున్నారు, వాళ్ల మాట వినకండి. స్టాంపు లేకపోయినా విమానం ఎక్కిన వివరాలు ఎయిర్‌లైన్స్ నుంచి అమెరికా అధికారులకు వెళ్తాయి. ఓవర్‌స్టేకి శిక్ష పాత వీసా పోవడం, కొత్తదానికి కాస్త గట్టిగా ప్రశ్నలు. అబద్ధమని తేలితే మాత్రం జీవితాంతం నిషేధం పడొచ్చు, తర్వాత ప్రత్యేక మినహాయింపు కోసం తిరగాల్సిందే.

కింద వివరణ పెట్టెలో కథలొద్దు. I-94 తేదీ, బయల్దేరిన తేదీ, కారణం, అంతే, నాలుగు వాక్యాలు దాటకూడదు. "కూతురి కాన్పు ఆలస్యమైంది" అని రాస్తే ఆసుపత్రి కాగితంలో తేదీలు దానికి సరిపోవాలి. అడక్కముందే క్షమాపణలు రాస్తే కొత్త అనుమానాలు పుడతాయి.

అప్లికేషన్ ఇండియాలోనే పెట్టండి, దుబాయ్‌లోనో సింగపూర్‌లోనో స్లాటు తొందరగా దొరికిందని అక్కడికి పోవద్దు. ఇంటర్వ్యూ లేకుండా కాగితాలిస్తే సరిపోయే డ్రాప్‌బాక్స్ మీద ఆశ పెట్టుకోకుండా ఇంటర్వ్యూకే సిద్ధం కండి. బోర్డింగ్ పాసూ, ఆసుపత్రి కాగితాలూ పైనే ఉంచుకోండి. ఈసారి ఎందుకు టైముకి తిరిగొస్తారని ఆఫీసరు అడిగితే, పెద్దావిడే తన మాటల్లో చెప్పాలి, తెలుగులో చెప్పినా ఫర్వాలేదు.