రెజ్యూమే స్కోరింగ్‌లో పక్షపాతం: పేరు దాచినా తేడా పోకపోతే ఎక్కడ వెతకాలి

రెజ్యూమేలకు సాఫ్ట్‌వేర్ వేసే మార్కులలో పక్షపాతం ఉందన్న ఫిర్యాదు రాగానే సంస్థలు సాధారణంగా పేరునూ ఫోటోనూ దాచేస్తాయి, సమస్య తీరిపోయిందని నివేదిక రాసేస్తాయి. ఈ రెండు పనులకు మధ్య చేయవలసిన తనిఖీ ఒకటుంది. ఒకే రెజ్యూమేను, ఒక్క అక్షరం కూడా మార్చకుండా, పదిసార్లు స్కోరు చేయించి చూడడమే ఆ తనిఖీ. అరగంట పట్టని ఈ పనిని దాటవేసి నేరుగా ముగింపుకు వచ్చిన నివేదికలు నా దగ్గరకు ఎన్ని వచ్చాయో లెక్క పెట్టడం ఎప్పుడో మానేశాను.

లక్షణం: పేరు మారిస్తే స్కోరు మారుతోంది

స్కోరు వేసేది స్థిరమైన సూత్రం కాక భాషా నమూనా అయితే, మార్పులేని రెజ్యూమేకే ఒకసారి 71, మరోసారి 74, ఇంకోసారి 69 రావచ్చు. దానంతట అదే అయిదు మార్కులు ఊగే వ్యవస్థలో, పేరు మార్చినప్పుడు ఒక్కసారి కనిపించిన మూడు మార్కుల తేడాను బట్టి పక్షపాతం ఉందనీ చెప్పలేము, లేదనీ చెప్పలేము. అందువల్ల ముందుగా ఈ ఊగిసలాట ఎంతో కొలిచి రాసి పెట్టుకోవాలి. ఆ తరువాత కనీసం ఇరవై రెజ్యూమేలు తీసుకుని, ప్రతిదానికీ పేరు తప్ప మరేదీ మారని జంటను తయారు చేసి, ఒక్కో వర్గాన్ని సూచించే పేర్లు ఒకటి కాక నాలుగైదు వాడి, ప్రతి జంటలోని తేడాను విడిగా నమోదు చేయాలి. ఏదో ఒక జంటలో ఎంత తేడా వచ్చిందన్నది కాదు, ఎక్కువ జంటలలో తేడా ఒకే వైపు మొగ్గుతోందా అన్నది చూడాలి.

పేరు ప్రభావం ఊహ కాదు. ఆర్థికవేత్తలు బెర్ట్రండ్, ముల్లైనాథన్ 2004లో ప్రచురించిన అమెరికా అధ్యయనంలో, శ్వేతజాతీయులవిగా అనిపించే పేర్లున్న రెజ్యూమేలకు, అవే అర్హతలతో నల్లజాతీయులవిగా అనిపించే పేర్లున్న వాటికంటే దాదాపు 50 శాతం ఎక్కువగా పిలుపులు వచ్చాయి. అక్కడ వడపోసింది మనుషులే. ఆ మనుషుల పాత నిర్ణయాలను చూసి నేర్చుకున్న వ్యవస్థ అదే మొగ్గును నేర్చుకుంటే ఆశ్చర్యపడవలసిన పని లేదు.

పేరు దాచడం అవసరమే, కాని పేరు ఒక్కచోటే ఉండదు. ఈమెయిల్ చిరునామాలో, ప్రొఫైల్ లింకులో, ఫైలు పేరులో, సభ్యత్వమున్న సంఘాల పేర్లలో కూడా అది కనిపిస్తుంది. అమెజాన్ ప్రయోగాత్మకంగా తయారు చేసి వదిలేసిన వ్యవస్థ గురించి 2018లో రాయిటర్స్ రాసిన కథనం ప్రకారం, «మహిళల» అన్న మాట ఉన్న రెజ్యూమేలకు, ఉదాహరణకు మహిళల చదరంగం క్లబ్ నాయకత్వం వంటి వాటికి, అది మార్కులు తగ్గించింది. అక్కడ పేరుతో పని పడలేదు.

లక్షణం: కళాశాల పేరు మారిస్తే, చదువుతో సంబంధం లేని అంశాలలోనూ మార్కులు మారుతున్నాయి

రెజ్యూమే మొత్తాన్ని ఒకేసారి చదివించి అన్ని అంశాలకూ మార్కులు అడగడమే దీనికి కారణం. పేరున్న కళాశాల కనబడగానే భావవ్యక్తీకరణకూ సమస్యా పరిష్కారానికీ కూడా ఒకటి రెండు మార్కులు పెరుగుతాయి. ఒక్కో అంశాన్ని విడిగా, దానికి సంబంధించిన భాగం మాత్రమే చూపించి స్కోరు చేయిస్తే ఈ తేడా చాలావరకు పోతుంది. కళాశాల స్థాయికే నేరుగా మార్కులిచ్చే అంశం రూబ్రిక్‌లో, అంటే దేనికి ఎన్ని మార్కులో చెప్పే పట్టికలో, ఉంటే అది లోపం కాదు, సంస్థ తెలిసి తీసుకున్న నిర్ణయం. దానిని సమర్థించుకోగలరో లేదో నిర్ణయించిన వారినే అడగాలి.

లక్షణం: పేరూ కళాశాలా దాచారు, రూబ్రిక్‌లో విరామం అన్న మాటే లేదు, అయినా కెరీర్ గ్యాప్ ఉన్నవారు కటాఫ్ దాటడం లేదు

నన్ను దెబ్బ తీసింది ఇదే. ఒక సంస్థ రూబ్రిక్‌ను చదివి, ఇందులో విరామానికి కోత ఏదీ లేదని నేనే సంతకం చేసి ఇచ్చాను. అక్షరాలా చూస్తే అది నిజమే. పొరపాటు ఎక్కడంటే, నేను అంశాల పేర్లు చదివాను కాని వాటి వెనుక ఉన్న లెక్క చేసి చూడలేదు.

ఆ రూబ్రిక్ ఆకారాన్ని అంకెలు మార్చి ఇక్కడ చూపిస్తాను. మొత్తం 100 మార్కులు, కటాఫ్ 70. గత 96 నెలలలో ఎన్ని నెలలు పనిచేశారన్న దానికి 30 మార్కులు. అడిగిన నైపుణ్యాన్ని గత 24 నెలలలో ఎన్ని నెలలు వాడారన్న దానికి 25. నేటి వరకు తెగకుండా సాగిన సర్వీసుకు 15; 36 నెలలుంటే పూర్తి మార్కులు. ప్రాజెక్టులలో చూపిన పనికి 30. ఒక్కొక్కటిగా చూస్తే ఏదీ అన్యాయంగా అనిపించదు.

ఇప్పుడు జంట రెజ్యూమేలు తయారు చేద్దాం. మొదటి అభ్యర్థి ఒక ఉద్యోగంలో 84 నెలలు పనిచేసి, వెంటనే రెండో ఉద్యోగంలో చేరి 12 నెలలుగా పనిచేస్తున్నారు. రెండో అభ్యర్థివీ అవే ఉద్యోగాలు, అవే నెలలు, అవే ప్రాజెక్టులు. కాని రెండింటి మధ్య 18 నెలల విరామం ఉంది. ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు: గ్యాప్ సృష్టించడానికి మొదటి ఉద్యోగం నుంచి 18 నెలలు కత్తిరించేస్తారు. అప్పుడు అనుభవమే నిజంగా తగ్గిపోతుంది కనుక, వచ్చిన తేడాలో విరామం వాటా ఎంతో, అనుభవం వాటా ఎంతో విడదీయలేము. కత్తిరించకుండా మొదటి ఉద్యోగం తేదీలను 18 నెలలు వెనక్కి జరపాలి. అలా చేస్తే ఇద్దరి మొత్తం అనుభవమూ 96 నెలలే ఉంటుంది.

ప్రాజెక్టులకు ఇద్దరికీ 24 మార్కులు వచ్చాయనుకుంటే, మొదటివారికి 94 వస్తాయి. రెండోవారి లెక్క ఇది:

```
78/96 * 30 = 24.4
12/24 * 25 = 12.5
12/36 * 15 = 5.0
24.4 + 12.5 + 5.0 + 24 = 65.9
```

ఒకే విరామం మూడు వేర్వేరు పేర్లతో మూడుసార్లు కోతకు గురై, మొత్తం 28 మార్కులు పోయాయి. పనిలో ఏ తేడా లేని అభ్యర్థి కటాఫ్ కింద ఆగిపోయారు. ప్రసవం, అనారోగ్యం, ఇంట్లో పెద్దల సంరక్షణ వంటి కారణాలతో ఆగిన వారిపై ఈ భారం పడుతుంది కనుక, పేరు దాచినా లింగం, వయస్సు, ఆరోగ్యం వేరే దారిలో స్కోరులోకి వచ్చినట్టే.

పరిష్కారం మొదలుపెట్టే ముందు ప్రతి అంశం పక్కనా ఒకే ప్రశ్న రాసుకోవాలి: అభ్యర్థి ఒక్క నెల కూడా తక్కువ పని చేయకుండా, కేవలం తేదీలు జరిగితే ఈ మార్కులు మారతాయా? మారతాయి అని జవాబు వచ్చిన అంశాలన్నీ విరామాన్ని కొలుస్తున్నవే. పై రూబ్రిక్‌లో అవి మూడు. అనుభవానికి గత 96 నెలలే అన్న పరిమితిని తీసివేసి మొత్తం నెలలు లెక్కించాలి. నైపుణ్యానికి, గత 24 నెలలలో కనీసం ఆరు నెలలు వాడి ఉంటే పూర్తి మార్కులు ఇవ్వాలి. పని మరిచిపోలేదన్న నమ్మకమే కావాలి తప్ప నెలల లెక్క కాదు. తెగని సర్వీసు గురించి నియామక అధికారిని నేరుగా అడిగితే, అది పనిలో దేనికి ఉపయోగమో చెప్పగలిగినవారు నాకు ఇంతవరకు ఎదురుపడలేదు. ఆ 15 మార్కులను ప్రాజెక్టులకు కలిపితే అక్కడ 30కి 24 కాస్తా 45కు 36 అవుతుంది. ఇద్దరికీ 30, 25, 36, వెరసి 91 వస్తాయి.

రెండేళ్లకు పైగా పూర్తిగా ఆగి ఇప్పుడే తిరిగి వస్తున్న వారికి నైపుణ్యం మార్కులు ఇంకా పోతాయి. ఆ కోత సబబే అని సంస్థ భావిస్తే ఉంచుకోవచ్చు, కాని అది ఒక్కచోట, ఒక్కసారి, అందరికీ కనిపించేలా ఉండాలి.

ఇదే లక్షణానికి మరో కారణం రూబ్రిక్‌లో కాదు, తేదీలు చదివే పార్సర్‌లో ఉంటుంది. అభ్యర్థి నెలలు రాయకుండా 2016–2019, 2020–2023 అని సంవత్సరాలే ఇస్తే, కొన్ని పార్సర్లు ప్రతి సంవత్సరాన్నీ జనవరిగా తీసుకుంటాయి. 2019 డిసెంబరులో ఒక ఉద్యోగం వదిలి 2020 జనవరిలో మరొకదానిలో చేరిన వ్యక్తికి అలా 12 నెలల లేని విరామం పుట్టుకొస్తుంది. రెజ్యూమేను కాక, పార్సర్ బయటకు ఇచ్చిన నెలల పట్టికను తెరిచి చూడకపోతే ఇది ఎప్పటికీ దొరకదు. నెల తెలియనిచోట విరామం లెక్కించకుండా వదిలేయమని అమర్చడమే దీనికి మందు.

జంటలలో తేడా పోయిన తరువాత

అసలు దరఖాస్తులపైనా ఒకసారి చూడాలి. విరామం లేని 200 మందిలో 80 మంది, విరామం ఉన్న 50 మందిలో 11 మంది షార్ట్‌లిస్ట్ అయ్యారనుకుంటే ఎంపిక రేట్లు 40 శాతం, 22 శాతం; రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 0.55. అమెరికాలో 1978 నాటి మార్గదర్శకాలు 0.8 కంటే తక్కువ ఉంటే అనుమానించమంటాయి. న్యూయార్క్ నగరంలో 2023 జులై నుంచి అమలవుతున్న లోకల్ లా 144 ఇటువంటి నిష్పత్తినే లెక్కించి ప్రకటించమంటుంది, కాని లింగం, జాతి ప్రకారం మాత్రమే. విరామం ప్రకారం లెక్క తీయమని అది అడగదు కనుక, చట్టం కోరిన ఆడిట్‌లో నెగ్గిన రూబ్రిక్‌లో కూడా పై లోపం ఉండవచ్చు. ఈ నిష్పత్తికి ఒక పరిమితి ఉంది: 50 మందిలో ఇద్దరు ముగ్గురు అటూ ఇటూ అయితే అంకె బాగా కదులుతుంది. అందుకే దీన్ని అనుమానానికి వాడాలి, కారణం తేల్చడానికి జంటలనే నమ్మాలి.

రెండు నిలువు వరుసల రెజ్యూమే తప్పుగా చదవబడడం, ఫాంట్ అక్షరాలు చెదిరిపోవడం, ఫోటో ఫైలులోనే మిగిలిపోవడం వంటివి కూడా జరుగుతాయి. అవి అరుదు, పార్సర్ పట్టిక తెరిస్తే వెంటనే కనిపిస్తాయి, వాటిపై రోజులు ఖర్చు చేయనక్కరలేదు. తయారు చేసిన జంటలను మాత్రం పారేయకూడదు. మార్కుల వాటా మార్చినా, స్కోరింగ్ నమూనా కొత్త వెర్షన్‌కు మారినా, మార్పులేని రెజ్యూమేను పదిసార్లు నడపడంతో మొదలుపెట్టి అదే జంటలను మళ్లీ నడపాలి.